గుమ్మం కేసి చూసే మొలకలు

పోయిన మాఘమాసంలో మా తమ్ముడి కూతురి పెళ్లికి అంకురార్పణ చేసి, అయిదు మట్టి పాలికల్లో నవధాన్యాలు చల్లారు. వాటిని దేవుడి గదిలో ఓ మూల పెట్టారు. ఆ గదికి కిటికీ లేదు. వెలుగు రావాలంటే గుమ్మంలోంచే రావాలి. పెళ్లి హడావుడిలో పొద్దునా సాయంత్రం పాలూ నీళ్లూ చిలకరించడం తప్ప పాలికలను ఎవరూ పట్టించుకోలేదు. నాలుగో రోజు పొద్దున ఎనిమిదేళ్ల మా మనవరాలు వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

"అమ్మమ్మా, ఇవన్నీ గుమ్మం కేసే చూస్తున్నాయి. ఎవరొస్తారని?"

నిజంగానే అలా ఉన్నాయి. పెసర మొలకలు, అలసంద మొలకలు, సన్నటి గోధుమ మొలకలు అన్నీ ఒకే వైపు తల వాల్చి ఉన్నాయి. "వెలుగు కోసం తల్లీ" అన్నాను. ఆ జవాబు దానికి చాలలేదు.

"వెలుగు అటుందని వాటికెలా తెలుసు? కళ్లు లేవుగా. పోనీ తెలిసిందే అనుకో, వంగడానికి మనలాగా మోచేతులూ మోకాళ్లూ లేవుగా?"

ముప్పై ఏళ్లు బళ్లో జీవశాస్త్రం చెప్పాను. మొక్క వెలుగు వైపు వంగడాన్ని కాంతి అనువర్తనం అంటారని ఎన్ని తరగతుల చేత చదివించానో లెక్కలేదు. ఆ మాట చెబితే ఈ పిల్ల అడిగిన రెండు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు రాదు. పేరు తెలిసినంత మాత్రాన సంగతి తెలిసినట్టు కాదు. అందుకే పెళ్లివారు వెళ్లిపోయాక రెండు పాలికలు కడిగి, ఆరబెట్టి, ఇద్దరం పని మొదలుపెట్టాం. ఆ నాలుగైదు రోజుల్లో మేము చేసిందీ చూసిందీ ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో పిల్లలుంటే వాళ్లతో కలిసి చేయండి.

గింజలో చద్దిమూట

మొదట, మొక్కకు వెలుగుతో పనేమిటో చెప్పాలి. మనం అన్నం వండుకుని తింటాం. మొక్క తన అన్నం తానే వండుకుంటుంది. దాని వంటిల్లు ఆకు, పొయ్యిలో మంట వెలుగు. గాలిలోంచి బొగ్గుపులుసు వాయువు, వేళ్లనుంచి నీళ్లు తీసుకుని, వెలుగు సాయంతో చక్కెర చేసుకుంటుంది. వెలుగు లేకపోతే పొయ్యి వెలగదు.

మరి ఇంకా ఆకులు రాని మొలక ఏం తింటుంది? గింజలో తల్లి మొక్క కట్టి ఇచ్చిన చద్దిమూట ఉంటుంది. పెసరపప్పు బద్దలు అదే. గోధుమ గింజలో తెల్లటి పిండి అదే. మనం తినేది కూడా ఆ మూటనే. ఆ మూట కొద్ది రోజులకే అయిపోతుంది. ఈలోగా మొలక వెలుగులోకి చేరి, ఆకు విప్పి, పొయ్యి వెలిగించుకోవాలి. రాయి కిందో, పెద్ద చెట్టు నీడలోనో మొలిచిన గింజకు వెలుగు ఏదో ఒక పక్కనుంచే వస్తుంది. అటు వంగగలిగిన మొలకలు బతికి గింజలు పెట్టాయి, వంగలేనివి చాలావరకు చద్దిమూట అయిపోయి ఎండిపోయాయి. ఎన్నో లక్షల ఏళ్లు ఇలా గడిచాక మిగిలిన మొక్కల పిల్లలే ఇవాళ మన పాలికల్లో ఉన్నవి. మొలక ఆలోచించి వంగడం లేదు. వంగే గుణం దానికి పుట్టుకతోనే వచ్చింది.

గాజు చెప్పిన రహస్యం

ఇప్పుడు మోకాలు లేని మొక్క ఎలా వంగుతుందన్న ప్రశ్న. దీనికి మా మనవరాలి చేతి గాజు ఒకటి తీసుకున్నాం. కాస్త మందంగా ఉన్న గాజైతే మేలు. గాజు వెలుపలి అంచు చుట్టూ ఒక దారం, లోపలి అంచు చుట్టూ ఒక దారం పెట్టి, కత్తిరించి, రెండూ పక్కపక్కన పరిచాం. వెలుపలి దారమే పొడవు. ఏ గాజుతో చేసినా అంతే. వంపు తిరిగిన ప్రతి వస్తువుకూ వెలుపలి అంచు ఎక్కువ పొడవు, లోపలి అంచు తక్కువ పొడవు ఉంటాయి.

దీన్ని తిరగేసి ఆలోచించమన్నాను. నిటారుగా ఉన్న కాడకు ఒక పక్క మాత్రమే కొంచెం పొడవు పెరిగితే ఏమవుతుంది? పిల్ల రెండు దారాలనూ చేతిలో పట్టుకుని కాసేపు చూసి, "ఇటు పొడుగైతే అటు వంగుతుంది" అంది.

ఇదే అసలు సంగతి. చాలామంది వెలుగు మొక్కను తన వైపు లాక్కుంటుందనో, వెలుగు తగిలిన పక్క బాగా పెరుగుతుందనో అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. వెలుగు పడని నీడ పక్క ఎక్కువ పొడవు పెరుగుతుంది. అందువల్ల కాడ వెలుగు వైపు ఒరుగుతుంది. మోకాలి దగ్గర మడతపడినట్టు కాదు, ఒక పక్క పెరుగుదలే వంపుగా మారుతుంది.

అందుకు ఎంతో తేడా కూడా అక్కర్లేదు. పెసర మొలక కాడ మందం రెండు మిల్లీమీటర్లు అనుకుందాం. అది 60 డిగ్రీలు వంగాలంటే నీడ పక్క వెలుగు పక్కకంటే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు పొడవైతే సరిపోతుంది. ఒక్క పెసరగింజ అడ్డం కూడా లేని తేడా అది. కాడ సన్నగా ఉన్నకొద్దీ ఇంకా తక్కువ చాలు. లేత మొలక పూటలో వంగిపోవడానికి, లావుపాటి కాడ రోజుల తరబడి వంగడానికి అది ఒక కారణం.

దీన్ని కంటితో చూడాలంటే అలసంద మొలక మంచిది, కాడ కాస్త లావుగా ఉంటుంది. కాడ పైభాగంలో రెండు పక్కలా ఎదురెదురుగా, సన్నటి పెన్నుతో రెండేసి మిల్లీమీటర్ల దూరంలో చుక్కలు పెట్టండి. ఒక పక్క చుక్కలు వెలుగు వైపు, రెండో పక్క చుక్కలు నీడ వైపు ఉండేలా కుండీని ఉంచండి. మొలక వంగాక చూస్తే నీడ వైపు చుక్కలు దూరంగా జరిగి ఉంటాయి. వెలుగు వైపు చుక్కలు దాదాపు ఎక్కడివక్కడే ఉంటాయి.

ఒక పాలిక, ఒక చెప్పుల పెట్టె

ఇక మిగిలింది మొదటి ప్రశ్న. వెలుగు ఎటుందో మొలకకు ఎలా తెలుస్తుంది, ఏ భాగానికి తెలుస్తుంది? ఇది తెలుసుకోవడానికి గోధుమలు ఎంచుకున్నాం. గోధుమ మొలక మట్టిలోంచి వచ్చేటప్పుడు లేత ఆకు బయటకు కనిపించదు. దాని చుట్టూ తెల్లటి సన్నని గొట్టంలాంటి తొడుగు ఉంటుంది. పైన మూసుకుని, మొనదేలి, చూడటానికి చిన్న సూదిలా ఉంటుంది. రెండు మూడు రోజులు ఆ తొడుగే పొడవు పెరుగుతుంది. తరవాత ఆకు దాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. మన ప్రయోగం ఆ తొడుగు మీదే, ఆకు చీల్చుకు రాకముందే జరగాలి.

కావలసినవి ఇవి. ఒక పాలిక, లేదా అడుగున చిల్లు పెట్టిన టీ కప్పు. పదిహేను గోధుమ గింజలు, పిండి మర ఆడించడానికి తెచ్చుకున్నవే చాలు. మెత్తటి మట్టి. మూత ఉన్న చెప్పుల అట్టపెట్టె. చపాతీలు చుట్టే వెండిరంగు రేకు కాగితం. ఒక అగ్గిపుల్ల.

గింజలను రాత్రంతా నీళ్లలో నానబెట్టాం. పొద్దున తడిమట్టిలో చిటికెన వేలి గోరంత లోతున నాటి, ఒక స్టీలు బిందె బోర్లించి చీకట్లో ఉంచాం. రోజుకోసారి రాత్రిపూట దీపం తగ్గించి, నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి మళ్లీ బోర్లించేవాళ్లం. చీకట్లో ఎందుకంటే, ముందే ఏదో పక్కనుంచి వెలుగు తగిలితే మొలకలు అప్పుడే వంగి మొలుస్తాయి. నిటారుగా ఉన్నవాటితో మొదలుపెడితేనే తేడా తెలుస్తుంది.

మూడో రోజు సాయంత్రానికి పదిహేనింట్లో పదమూడు పైకి వచ్చాయి. కొసలు మట్టిపైన రెండు సెంటీమీటర్ల దాకా ఉన్నాయి. ఇదే సరైన సమయం. ఇంకో రోజు ఆగితే కొన్నింటికి ఆకు చీల్చుకుని వచ్చేస్తుంది.

ఇప్పుడు టోపీలు చేశాం. రేకు కాగితాన్ని చిన్న ముక్కగా కత్తిరించి, అగ్గిపుల్ల చివర చుట్టి, పైకొస మెలితిప్పి, మెల్లిగా లాగేస్తే అరసెంటీమీటరు పొడవున్న చిన్న టోపీ వస్తుంది. అలాంటివి నాలుగు. మరో నాలుగు ముక్కలను అగ్గిపుల్లకు చుట్టి, రెండు కొసలూ తెరిచి ఉండేలా ఒక్కో సెంటీమీటరు గొట్టాలు చేశాం. టోపీలను నాలుగు మొలకల కొసలకు తొడిగాం. గొట్టాలను మరో నాలుగింటికి పైనుంచి దించి మొదళ్ల దగ్గర నిలబెట్టాం, అంటే వాటికి కిందిభాగం కప్పి ఉంది, కొస బయట ఉంది. మరో నాలుగింటిని ఏమీ చేయకుండా వదిలేశాం. మిగిలిన ఒకటి టోపీ తొడిగేటప్పుడు నా చేతిలో విరిగింది.

చెప్పుల పెట్టెను నిలువుగా నిలబెట్టి, ఒక పక్క, మొలకల కొసల ఎత్తుకు సరిగ్గా, రూపాయి బిళ్లంత చిల్లు చేశాం. పాలికను లోపల పెట్టి, మూత వేసి, అంచుల్లోంచి వెలుగు దూరకుండా పాత గుడ్డ కప్పాం. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి చిల్లు కిటికీ వైపు ఉండేలా పెట్టాం. నేరుగా ఎండ పడే కిటికీ వద్దు. అట్టపెట్టె వేడెక్కి, మట్టి ఆరిపోయి, మొలకలు వాడిపోతాయి. వాడి వాలిన మొలకకూ వెలుగు వైపు వంగిన మొలకకూ తేడా పిల్లలు పోల్చుకోలేరు. వాడినది మెత్తబడి వేలాడుతుంది, వంగినది బిగువుగా ఉంటుంది.

సాయంత్రం ఏం కనిపించింది

పన్నెండింటికి మూత తీసి చూసినప్పుడే ఏమీ కప్పని నాలుగూ చిల్లు వైపు తల తిప్పడం మొదలుపెట్టాయి. సాయంత్రం అయిదింటికి ఇంకే అనుమానమూ లేదు. అవి బాగా వంగి ఉన్నాయి. కిందిభాగానికి గొట్టం తొడిగినవి నాలుగూ కూడా గొట్టం పైనుంచి అలాగే వంగాయి. టోపీ పెట్టినవాటిలో మూడు మాత్రం కొయ్యల్లా నిటారుగా నిలబడ్డాయి. నాలుగోది కొంచెం వంగింది. చూస్తే దాని టోపీ ఒక పక్క పైకి లేచి, కొస బయటపడి ఉంది.

"టోపీ పెట్టినవాటికి కూడా ఒంటికి వెలుగు తగులుతూనే ఉందిగా అమ్మమ్మా? తలకు ఒక్కదానికేగా తగలనిది?" అంది మనవరాలు. నేను చెప్పాలనుకున్న మాట అదే. కాడంతా వెలుగులో ఉన్నా, కొస చీకట్లో ఉంటే మొలక వంగలేదు. కాడ కింద కప్పేసినా, కొసకు వెలుగు తగిలితే వంగింది. అంటే వెలుగు ఎటుందో కనిపెట్టే పని ముఖ్యంగా ఆ కొసది. వంగే పని మాత్రం కొసది కాదు, దాని కింద ఉన్న కాడది. ఒకచోట తెలిసింది, మరోచోట జరిగింది. మధ్యలో ఏదో కబురు వెళ్లి ఉండాలి.

ఇక్కడ పెద్దవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. టోపీ పెట్టిన మొలక వంగకపోవడానికి కారణం చీకటి కాకుండా, మనం తొడిగేటప్పుడు కొస నలిగిపోవడం కూడా కావచ్చు. కొస దెబ్బతిన్న మొలక వెలుగులో పెట్టినా సరిగ్గా వంగదు. ఏది కారణమో తెలుసుకునే ఉపాయం ఉంది. సాయంత్రం టోపీలు తీసేసి, మళ్లీ పెట్టెలోనే ఉంచండి. మర్నాడు పొద్దెక్కేసరికి అవి వంగితే కొసలు క్షేమంగా ఉన్నట్టు, మొదటిరోజు ఆపింది చీకటే అన్నట్టు. వంగకపోతే ఆ మొలకను లెక్కలోంచి తీసేయాలి. మా మూడింట్లో రెండు వంగాయి. మూడోదానికి అప్పటికే ఆకు చీల్చుకు వచ్చింది, అందుకని దాన్ని లెక్కించలేదు.

కొస పంపిన కబురు

ఈ టోపీల ఆలోచన నాది కాదు. ఇంగ్లండులో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కలిసి చేసిన పని ఇది. మొక్కల కదలికల మీద వాళ్లు రాసిన పుస్తకం 1880లో వచ్చింది. పెంపుడు పిట్టలకు గింజలుగా వేసే కెనరీ గడ్డి మొలకలు తీసుకుని, కొన్నింటి కొసలకు వెలుగు చొరని టోపీలు తొడిగారు, కొన్నింటి కిందిభాగాన్ని మెత్తటి ఇసుకలో పూడ్చారు. మాకు కనిపించిందే వాళ్లకూ కనిపించింది. పైభాగం నుంచి కిందిభాగానికి ఏదో ప్రభావం పాకుతోందని రాశారు. అదేమిటో వాళ్లు చెప్పలేకపోయారు.

జవాబు నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో దొరికింది. అక్కడ ఫ్రిట్స్ వెంట్ అనే యువకుడు 1926లో ఓట్స్ మొలకలతో పనిచేస్తున్నాడు. ఆయన చేసింది వింటే మీకు వంటిల్లు గుర్తుకు వస్తుంది. మనం జెల్లీలాంటి తీపి వంటకాలు చేయడానికి వాడే చైనా గ్రాస్ ఉంది కదా, అగర్ అంటారు, దాన్ని పలచటి బిళ్లగా గడ్డకట్టించాడు. మొలకల కొసలు కోసి, ఆ బిళ్ల మీద నిలబెట్టి కొంతసేపు ఉంచాడు. తరవాత కొసలు తీసి పారేసి, బిళ్లను చిన్న ముక్కలుగా కోశాడు. కొస కోసేసిన మొండి మొలక ఒకటి తీసుకుని, దాని తల మీద ఆ ముక్కను సరిగ్గా మధ్యలో కాకుండా ఒక పక్కకు పెట్టాడు. ఇదంతా చీకట్లోనే.

మొండి మొలక వంగింది. వెలుగు లేదు, కొసా లేదు, అయినా వంగింది. ముక్క పెట్టిన పక్క ఎక్కువ పెరిగి, దానికి ఎదుటి పక్కకు ఒరిగింది. కొసలు పెట్టని వట్టి చైనా గ్రాస్ ముక్కతో చేస్తే ఏమీ కాలేదు. అంటే కొసలోంచి ఏదో పదార్థం ఆ బిళ్లలోకి దిగింది, బిళ్లలోంచి మొలకలోకి దిగి దాన్ని పెంచింది. డార్విన్లు అనుకున్న కబురు అదే. దానికి ఆక్సిన్ అని పేరు పెట్టారు. పెరగడం అనే అర్థం ఉన్న గ్రీకు మాట నుంచి వచ్చిన పేరది.

ఆక్సిన్ మొలకను ఎలా పెంచుతుందో పిల్లలకు బూరతో చెప్పవచ్చు. కొత్త బూర ఊదబోతే గట్టిగా ఉంటుంది, బుగ్గలు నొప్పిపుడతాయి. ముందు చేత్తో నాలుగుసార్లు సాగదీస్తే తేలిగ్గా ఉబ్బుతుంది. కాడలోని ఒక్కో కణం నీళ్లతో నిండిన బూర లాంటిది. నీళ్లు లోపలి నుంచి ఎప్పుడూ నెడుతూనే ఉంటాయి, కాని కణం చుట్టూ ఉన్న గట్టి కవచం ఉబ్బనివ్వదు. ఆక్సిన్ చేరినచోట ఆ కవచం కాస్త వదులవుతుంది. అప్పుడు లోపలి నీటి ఒత్తిడికే కణం పొడవుగా సాగుతుంది. నీడ పక్క ఆక్సిన్ ఎక్కువగా ఉంటుంది గనుక ఆ పక్క కణాలు ఎక్కువ సాగుతాయి. గాజు వెలుపలి దారంలా ఆ పక్క పొడవవుతుంది.

ఇది విన్నాక మనవరాలు ఇంకో ప్రశ్న వేసింది. "అయితే వెలుగు పక్కనున్న ఆక్సిన్‌ను ఎండ ఎండబెట్టేసిందా?" ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులనూ చాలాకాలం వేధించింది. వెలుగు ఆక్సిన్‌ను పాడుచేస్తుందా, లేక పక్కకు తరుముతుందా? అమెరికాలో విన్‌స్లో బ్రిగ్స్ 1957లో మొక్కజొన్న మొలకల కొసలతో దీన్ని తేల్చారు. చీకట్లో ఉంచిన కొసల నుంచి వచ్చిన ఆక్సిన్, ఒక పక్కనుంచి వెలుగు పడిన కొసల నుంచి వచ్చిన ఆక్సిన్ మొత్తం కలిపి చూస్తే దాదాపు సమానం. ఎండబెట్టడం లేదన్నమాట. కొసను కింద మాత్రం పలచటి గాజుతో రెండుగా విడదీసి, పైన కలిపి ఉంచితే నీడ సగంలోంచి ఎక్కువ వచ్చింది. పైనుంచి కింది దాకా గాజు అడ్డం పెట్టేస్తే రెండు సగాల్లోనూ సమానంగా వచ్చింది. కాబట్టి ఆక్సిన్ వెలుగు పక్కనుంచి నీడ పక్కకు అడ్డంగా నడుస్తోంది, గోడ కడితే నడవలేకపోతోంది. "అది నీడలోకి జరిగి కూచుంటుంది" అని చెప్పాను. ఎండలో ఆడుకునే పిల్లకు ఆ మాట వెంటనే అర్థమైంది.

నీలం చూస్తుంది, ఎరుపు చూడదు

కొసకు కళ్లు లేవన్నాం గాని, వెలుగును పట్టుకునే పదార్థాలు ఉన్నాయి. ఫోటోట్రోపిన్లు అని వాటి పేరు. అవి ముఖ్యంగా నీలం రంగు వెలుగును పట్టుకుంటాయి. ఎండలో అన్ని రంగులూ కలిసే ఉంటాయి గనుక మామూలుగా మనకీ తేడా తెలియదు. పెట్టె చిల్లుకు ముదురు ఎరుపు గాజుకాగితం రెండు పొరలు అంటించి, మరో పెట్టెకు నీలం కాగితం అంటించి చూస్తే తెలుస్తుంది. నీలం వైపు మొలకలు వంగుతాయి, ఎరుపు వైపు వంగవు, వంగినా కొంచెమే. బొకేల దుకాణంలో దొరికే కాగితాలు అన్నీ ఒకేలా ఉండవు. పలచటి ఎరుపు కాగితం కొంత నీలాన్ని కూడా వదిలేస్తుంది. అప్పుడు ఎరుపు వైపు మొలకలు కూడా వంగి, ప్రయోగం చెడినట్టు కనిపిస్తుంది. ఇంకో పొర అంటించి మళ్లీ చేయండి.

పిల్లలు తప్పకుండా అడిగే మరొకటి పొద్దుతిరుగుడు. లేత పొద్దుతిరుగుడు మొక్క పగలు తూర్పు నుంచి పడమటికి సూర్యుడి వెంట తిరిగి, రాత్రి మళ్లీ తూర్పుకు వచ్చి తెల్లవారకముందే సిద్ధంగా ఉంటుంది. అక్కడా పద్ధతి అదే. పగలు కాడ తూర్పు పక్క ఎక్కువ పెరుగుతుంది, రాత్రి పడమటి పక్క ఎక్కువ పెరుగుతుంది. రాత్రి సూర్యుడు లేకపోయినా తిరుగుతుంది గనుక, వెలుగుతో పాటు మొక్క లోపలి గడియారానికి కూడా ఇందులో వంతు ఉంది. పువ్వు పూర్తిగా విచ్చి, కాడ పెరగడం ఆగాక తిరగడం కూడా ఆగిపోతుంది. ముదిరిన పువ్వులు తూర్పుకే మొహం పెట్టి నిలిచిపోతాయి. పెరుగుదల ఉంటేనే వంపు ఉంటుందనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

పాలికను తిప్పిన పొద్దు

గోధుమలతో పాటు రెండో పాలికలో పెసలు కూడా వేశాం. అవి మరో చిల్లు పెట్టెలో రెండు రోజులు ఉండి, వెలుగు వైపు బాగా ఒరిగిపోయాయి. నేలకు పూర్తిగా సాగిలపడలేదు. భూమి లాగే దిశను కూడా కాడ గుర్తించి పైకి లేవాలని చూస్తుంది, వెలుగు పక్కకు రమ్మంటుంది, మొలక రెండింటికీ మధ్యలో ఏటవాలుగా నిలుస్తుంది.

ఒక సగం పెసలను కావాలనే ఆ రెండు రోజులూ బిందె కింద చీకట్లో వదిలేశాం. తీసి చూస్తే అవి వెలుగులో ఉన్నవాటికంటే పొడవుగా ఉన్నాయి. "చీకట్లోవే బాగా పెరిగాయి!" అని మనవరాలు సంబరపడింది. దగ్గరగా చూడమన్నాను. కాడలు సన్నగా, పాలిపోయి ఉన్నాయి. ఆకులు చిన్నవిగా, పసుపుపచ్చగా ముడుచుకునే ఉన్నాయి. చద్దిమూటలోది అంతా పొడవుకే ఖర్చుపెట్టి వెలుగును వెతుక్కుంటున్నాయి. వెలుగు దొరికిన మొలక పొడవు తగ్గించి ఆకుల మీద ఖర్చుపెడుతుంది.

చివరి రోజు పొద్దున నేను ఏమీ చెప్పకుండానే, మనవరాలు పెట్టెలోని పెసర పాలికను సగం చుట్టు తిప్పింది. వంగిన తలలన్నీ ఇప్పుడు చీకటి గోడ వైపు అయ్యాయి. సాయంత్రానికి కొసలు మళ్లీ చిల్లు వైపు తిరగసాగాయి. మర్నాటికి పూర్తిగా తిరిగాయి. కాని కాడ నిటారు కాలేదు. కింద మొదటి వంపు అలాగే ఉండిపోయింది, దానిపైన రెండో వంపు వచ్చింది. కింది భాగం అప్పటికే పెరగడం ఆపేసింది. పెరగని చోట సరిదిద్దుకోవడం ఉండదు. మీ బాల్కనీలో ఒక పక్కకు ఒరిగిన కరివేపాకు మొక్కదీ ఇదే కథ. కుండీని మూడు నాలుగు రోజులకోసారి పావు చుట్టు తిప్పుతూ ఉంటే లేత కొమ్మలు నిటారుగా వస్తాయి. ముదిరిపోయిన వంపును ఎంత తిప్పినా మార్చలేం.

మనవరాలు ఒక పెసర మొలకను మట్టితో సహా అరచేతిలోకి తీసుకుని, వేలితో కింది వంపు తాకి "ఇక్కడున్నప్పుడు కిటికీ ఇటుంది" అంది. పైవంపు తాకి "ఇక్కడికొచ్చేసరికి నేను తిప్పేశాను" అంది. ఆ మొలకను కొత్త కుండీలో నాటి, వంటింటి గట్టు మీద కిటికీ పక్కన పెట్టాం. ఆ కుండీ అంచు మీద అది పెన్సిలుతో ఒక బాణం గుర్తు గీసింది. ఇప్పుడు మూడు రోజులకోసారి ఫోన్ చేసి, బాణం ఎటుందో అడుగుతుంది.